మ్యాచ్డ్ ఫిల్టర్: కొన్ని అపోహలు, వాస్తవాలు

రాడార్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లోకి కొత్తగా వచ్చేవారు, నాయిస్‌లో కలిసిపోయిన తెలిసిన పల్స్‌ను గుర్తించే మ్యాచ్డ్ ఫిల్టర్ సూత్రాన్ని తడుముకోకుండా రాసేస్తారు. అది ఎందుకు ఉత్తమమో అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు రాడార్ అవసరాల్లోంచి పుట్టిన ఆలోచన ఇది. డి.ఓ. నార్త్ 1943లో ఆర్‌సీఏ ప్రయోగశాలల నివేదికలో దీన్ని రాశారు. వాన్ వ్లెక్, మిడిల్‌టన్ 1946లో దాదాపు ఇదే ఫలితాన్ని ప్రచురించారు. అప్పటి నుంచి దీని చుట్టూ అల్లుకున్న అపోహల్లో నాకు తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: ఇది నాయిస్‌ను తీసేసి పల్స్‌ను శుభ్రంగా తిరిగి ఇస్తుంది.

ఇవ్వదు. చతురస్రాకార పల్స్ లోపలికి వెళితే త్రిభుజం బయటికి వస్తుంది. పల్స్ ఆకారం మనకు ముందే తెలుసు, దాన్ని మళ్లీ రాబట్టాల్సిన పని లేదు. ఆ పల్స్ వచ్చిందా, వస్తే ఎప్పుడు వచ్చింది అన్నదే తేలాలి. అందుకని ఆకారం చెడినా ఫర్వాలేదనుకుని, ఒకే ఒక్క క్షణంలో సిగ్నల్ నాయిస్ కంటే వీలైనంత ఎత్తుగా నిలిచేలా ఈ ఫిల్టర్‌ను రూపొందిస్తారు.

అపోహ: నాయిస్‌ను ఓడించాలంటే సిగ్నల్ బలంగా ఉన్న చోటునే నమ్ముకోవాలి.

ఈ అపోహ తొలగితే మ్యాచ్డ్ ఫిల్టర్ మొత్తం అర్థమైనట్టే. కాబట్టి చిన్న లెక్క చేద్దాం. మన పల్స్‌లో మూడే శాంపిల్స్ ఉన్నాయనుకోండి: 1, 3, 2. ప్రతి శాంపిల్‌పైనా ఒకదానితో ఒకటి సంబంధం లేని నాయిస్ పడుతోంది, దాని వేరియన్స్ 1. ఒక్కో శాంపిల్‌ను ఒక్కో బరువుతో గుణించి, మూడింటినీ కలపాలి. సిగ్నల్ వర్గానికి, నాయిస్ వేరియన్స్‌కు మధ్య నిష్పత్తి గరిష్ఠం కావాలంటే ఏ బరువులు వాడాలి?

బలమైన శాంపిల్‌ను మాత్రమే తీసుకుంటే సిగ్నల్ 3, దాని వర్గం 9, నాయిస్ 1. నిష్పత్తి 9. మూడింటికీ సమాన బరువిస్తే సిగ్నల్ 6, వర్గం 36, నాయిస్ 3. నిష్పత్తి 12. అంటే బలహీనమైన శాంపిల్స్‌ను కలుపుకోవడమే లాభం. పోనీ, బలమైనదాన్ని ఇంకా నెత్తిన పెట్టుకుందామని 1, 9, 4 బరువులు తీసుకుంటే సిగ్నల్ 36, వర్గం 1296, నాయిస్ 98. నిష్పత్తి 13.2. ఇప్పుడు పల్స్‌నే బరువులుగా పెట్టండి: 1, 3, 2. సిగ్నల్ 14, వర్గం 196, నాయిస్ 14. నిష్పత్తి సరిగ్గా 14.

ఇక ఏ బరువులు వేసినా ఇంతకు మించదు. ఒక శాంపిల్ బరువు పెంచితే సిగ్నల్ మొత్తం ఆ శాంపిల్ విలువకు తగ్గట్టు పెరుగుతుంది. నాయిస్ వేరియన్స్ మాత్రం బరువు వర్గంతో పెరుగుతుంది. అందువల్ల తొలి కొంచెం బరువు చాలా చవక, తర్వాతి ప్రతి పెంపూ మరింత ఖరీదు. పెంచినందుకు వచ్చే లాభం, పడే ఖర్చు అన్ని శాంపిల్స్‌లోనూ ఒకే నిష్పత్తిలోకి వచ్చేవరకు సర్దుతూ పోతే, ప్రతి బరువూ దాని శాంపిల్ విలువకు అనులోమంగా తేలుతుంది. బరువులను `h`, పల్స్ శాంపిల్స్‌ను `s` అనుకుంటే, గణితంలో దీన్నే కోషీ-ష్వార్జ్ అసమానత చెబుతుంది:

```
(Σ h·s)² ≤ (Σ h²)(Σ s²)
```

రెండు వైపులనూ `Σ h²`తో భాగిస్తే ఎడమవైపు మిగిలేది మన నిష్పత్తి, కుడివైపు మిగిలేది పల్స్ శక్తి. `h` అనేది `s`కు అనులోమంగా ఉన్నప్పుడే రెండూ సమానమవుతాయి. బరువులన్నింటినీ పదింతలు చేసినా ఏమీ మారదు, ఎందుకంటే సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా అంతే పెరుగుతుంది.

గమనించారా, ఈ వాదనలో గాసియన్ అన్న మాటే రాలేదు. నాయిస్ తెల్లనిదైతే, అంటే శాంపిల్స్ మధ్య సంబంధం లేకుండా వేరియన్స్ సమానంగా ఉంటే, లీనియర్ ఫిల్టర్లలో ఇదే ఉత్తమం. గాసియన్ కూడా అయితే లీనియర్ కాని పద్ధతులతో సహా మరేదీ దీన్ని మించి గుర్తించలేదు.

అపోహ: పల్స్‌నే ఫిల్టర్ గుణకాలుగా పెడితే సరిపోతుంది.

ఫిల్టర్ చేసే పని కన్వల్యూషన్, అది ఒక వరుసను తిప్పి, రెండోదాని మీదుగా జరుపుతూ గుణించి కలుపుతుంది. అందుకే ఫిల్టర్‌లో పల్స్‌ను కాలంలో వెనక్కి తిప్పి పెట్టాలి. సంకీర్ణ శాంపిల్స్ అయితే కాంజుగేట్ కూడా తీసుకోవాలి.

```python
y = np.convolve(x, s[::-1].conj())
```

మన పల్స్‌ను తిప్పి పెడితే అవుట్‌పుట్ 2, 9, 14, 9, 2. తిప్పడం మరిచిపోతే 1, 6, 13, 12, 4. శిఖరం 14కు బదులు 13. రెండో వరుసను విడిగా చూస్తే అనుమానమే రాదు, అయినా నిష్పత్తి 14 నుంచి 12.1కి పడిపోయింది. పల్స్ సమరూపంగా ఉంటే ఈ తప్పు అసలు బయటపడదు. అందుకే నాయిస్ లేకుండా పల్స్‌ను దాని ఫిల్టర్‌లోంచే పంపి చూడాలి. శిఖరం పల్స్ శక్తికి సమానంగా ఉండాలి, రెండు వైపులా అవుట్‌పుట్ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉండాలి.

అపోహ: పల్స్ ఆకారం ఎంత సంక్లిష్టమైతే నిష్పత్తి అంత పెరుగుతుంది.

పైన 14 అన్నది 1 + 9 + 4. దాన్ని పల్స్ శక్తి మాత్రమే నిర్ణయించింది. అవిచ్ఛిన్న కాలంలో కూడా ఇంతే, గరిష్ఠ నిష్పత్తి `2E/N0`. ఇక్కడ `E` పల్స్ శక్తి, `N0/2` ధన, ఋణ పౌనఃపున్యాలు రెండింటిపైనా పరుచుకున్న నాయిస్ సాంద్రత.

మరి ఆకారంతో పనేమిటి? 13 మైక్రోసెకన్ల సాదా పల్స్, అంతే పొడవు, అంతే పవర్‌తో 13 భాగాల బార్కర్ కోడ్ పల్స్, అంటే భాగాల గుర్తు ఒక నిర్ణీత వరుసలో ప్లస్, మైనస్‌గా మారే పల్స్ తీసుకోండి. రెండింటి గరిష్ఠ నిష్పత్తీ ఒకటే. కానీ సాదా పల్స్ ఇచ్చే త్రిభుజం సగం ఎత్తు దగ్గర 13 మైక్రోసెకన్ల వెడల్పు, అంటే దూరంలో సుమారు 1950 మీటర్లు. బార్కర్ శిఖరం వెడల్పు దాదాపు 1 మైక్రోసెకను, అంటే 150 మీటర్లు. దాని పక్క శిఖరాలు ప్రధాన శిఖరంలో పదమూడో వంతును మించవు. 500 మీటర్ల ఎడంలో రెండు విమానాలుంటే మొదటి పల్స్‌లో అవి కలిసిపోతాయి, రెండోదానిలో విడిగా కనిపిస్తాయి. ఆకారం వల్ల కలిగే లాభం ఈ విభేదన శక్తే.

అపోహ: ఒకసారి మ్యాచ్ చేశాక ఎప్పుడూ ఇదే ఉత్తమం.

తెలిసిన పల్స్, తెల్లని నాయిస్ అన్న రెండు షరతుల మీదే ఇదంతా నిలబడింది. పక్క చానల్ జోక్యం వల్ల నాయిస్ కొన్ని పౌనఃపున్యాల దగ్గర పోగుపడితే, ముందు దాన్ని తెల్లగా మార్చే ఫిల్టర్ పెట్టాలి. ఆ ఫిల్టర్ పల్స్‌ను కూడా మారుస్తుంది కాబట్టి, మారిన పల్స్‌కే మ్యాచ్ చేయాలి. ఈ రెండో భాగాన్ని చాలామంది మరిచిపోతారు.

మొదటి షరతును చెడగొట్టేది డాప్లర్. 10 గిగాహెర్ట్జ్ రాడార్ వైపు సెకనుకు 300 మీటర్ల వేగంతో వస్తున్న విమానం ఎకోను 20 కిలోహెర్ట్జ్ జరుపుతుంది. 13 మైక్రోసెకన్లలో ఫేజ్ పావు చుట్టు కంటే కొంచెం ఎక్కువ తిరుగుతుంది, నష్టం ఒక డెసిబెల్ దాకా. దాన్ని భరించవచ్చు. అదే పల్స్‌ను శక్తి కోసం 50 మైక్రోసెకన్లకు పొడిగిస్తే ఫేజ్ పూర్తి చుట్టు తిరుగుతుంది. ముందు సగం కూడగట్టినదాన్ని వెనుక సగం రద్దు చేస్తుంది. శిఖరం రావలసిన క్షణంలో అవుట్‌పుట్ సున్నా. పల్స్ పొడవు పెంచాక నెమ్మదిగా కదిలేవి బాగా కనిపిస్తూ, వేగంగా వచ్చేవి మాయమవుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అప్పుడు 0, 10, 20 కిలోహెర్ట్జ్ ఇలా జరిపిన పల్స్ ప్రతులకు ఒక్కో ఫిల్టర్ చొప్పున పక్కపక్కన నడిపి, ఏది ఎత్తుగా లేస్తే దాన్ని తీసుకుంటాం.