కొత్త ఈఆర్‌పీకి సంస్థ సిద్ధంగా ఉందా: సగటు మార్కు దాచేదేమిటి

జర్మనీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్ఏపీ తన పాత ఈఆర్‌పీ అయిన ఈసీసీకి, అంటే లెక్కలు, కొనుగోళ్లు, సరుకు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్‌కు, ఇచ్చే ప్రధాన మద్దతు 2027 చివరితో ముగుస్తోంది. దాంతో ఎన్నో సంస్థలు కొత్త ఈఆర్‌పీ వైపు కదలక తప్పడం లేదు. మారాలని సంస్థ తనకు తానుగా అనుకోలేదు, అమ్మినవాడు గడువు పెట్టాడు. మార్పుకు మనుషులు ఎంత సిద్ధంగా ఉన్నారో చూసే సన్నద్ధత అంచనా అంతా ఈ తేడా దగ్గరే మొదలవ్వాలని నా నమ్మకం. ‘పాతది బాగానే నడుస్తోంది కదా, ఎందుకు మార్చాలి?’ అని ఉద్యోగి అడిగితే ‘గడువు అయిపోతోంది’ అన్నది అతని పనికి సంబంధించిన జవాబు కాదు.

సన్నద్ధత అనే ఈ ఆలోచన మూలాలు ఒక పైజామాల ఫ్యాక్టరీలో ఉన్నాయి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, మేరియన్ పట్టణంలో హార్వుడ్ అనే కంపెనీ ఉండేది. అక్కడ పనిపద్ధతి మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయేది, జనం మానేసేవారు. కొత్త పని నేర్చుకోవడం కష్టమయ్యే ఇలా జరుగుతోందా, ఇంకేమైనా కారణం ఉందా అని లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ పరీక్షించి 1948లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకు మార్పు గురించి చెప్పి ఊరుకున్నారు. ఇంకో గుంపు తన ప్రతినిధుల ద్వారా మార్పును రూపొందించడంలో పాల్గొంది. మిగతా రెండు గుంపుల్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. చెప్పి ఊరుకున్న గుంపులో మొదటి 40 రోజుల్లోనే 17 శాతం మంది ఉద్యోగం వదిలేశారు, ఉత్పత్తి కోలుకోలేదు. అందరూ పాల్గొన్న గుంపులు త్వరగా తేరుకుని పాత స్థాయిని దాటేశాయి. నేర్చుకోవాల్సిన పని కష్టం అన్ని గుంపులకూ దాదాపు ఒకటే, మార్పును వాళ్ల ముందు పెట్టిన తీరే వేరు.

తర్వాత చాలాకాలం నిర్వాహకులు దీన్ని ‘ప్రతిఘటనను ఎలా తగ్గించాలి’ అన్న ప్రశ్నగానే చూశారు. గొడవ మొదలయ్యాక ఆర్పడమే అన్నమాట. ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎకిలీస్ ఆర్మెనాకిస్, మరో ఇద్దరు 1993లో ఈ ప్రశ్నను ముందుకు జరిపారు. ప్రతిఘటన అయినా మద్దతు అయినా బయటపడకముందే మనుషుల మనసులో కొన్ని నమ్మకాలు ఏర్పడతాయని, వాటినే సన్నద్ధత అనాలని అన్నారు. ఆ దశాబ్దం చివరికి ఆ నమ్మకాలు ఐదుగా కుదురుకున్నాయి. మార్పు నిజంగా అవసరమా? ఈ మార్పే సరైనదా? మేం చేయగలమా? పైవాళ్లు చివరిదాకా నిలబడతారా? ఇందులో నాకేంటి? 2007లో డేనియల్ హోల్ట్ బృందం ఈ ఆలోచన ఆధారంగా ఒక ప్రశ్నావళి తయారుచేసింది. 2009లో బ్రయాన్ వీనర్ మరో కోణం చేర్చారు. ఒక్కొక్కరి సన్నద్ధత వేరు, సంస్థ మొత్తంగా ‘చేద్దాం, చేయగలం’ అనుకోవడం వేరు అన్నారు.

సరిగ్గా ఆర్మెనాకిస్ బృందం ఈ నమ్మకాల గురించి రాస్తున్న రోజుల్లోనే ఫాక్స్‌మేయర్ అనే పెద్ద అమెరికా మందుల పంపిణీ సంస్థ ఎస్ఏపీ ఆర్/3 అనే ఈఆర్‌పీ పెట్టుకుంది. 1996లో దివాలా తీసింది. ఈ కథను సాఫ్ట్‌వేర్ వైఫల్యంగానే చెబుతుంటారు. పాత మెయిన్‌ఫ్రేమ్ రాత్రికి 4,20,000 ఆర్డర్లు నడిపితే కొత్తది 10,000 దగ్గర ఆగిపోయిందన్న లెక్క అందరికీ తెలుసు. అంతగా చర్చకు రానిది గోడౌన్ల సంగతి. ఆటోమేటిక్ గోడౌన్ వస్తే పాతవి మూతపడతాయని, తమ ఉద్యోగాలు పోతాయని అక్కడివాళ్లకు తెలుసు. సరుకు పాడైంది, ఆర్డర్లు సగంలో ఆగాయి, తప్పులు పెరిగాయి. ఐదో ప్రశ్నకు వాళ్ల దగ్గరున్న జవాబు ‘నా ఉద్యోగం పోతుంది’. ఎంత శిక్షణ ఇచ్చినా ఆ జవాబు మారదు.

ఇప్పుడు ఈ నమూనాను వాడి చూద్దాం. ఒక తయారీ సంస్థలో వంద మంది ఈ ఐదు నమ్మకాల సర్వేకు జవాబిచ్చారనుకుందాం: అకౌంట్స్ నుంచి 40, అమ్మకాల నుంచి 40, స్టోర్స్ నుంచి 20. ఐదు మార్కులకు అకౌంట్స్ సగటు 4.2, అమ్మకాలది 4.0, స్టోర్స్‌ది 2.1. అన్నీ కలిపితే 3.7. బోర్డు మీటింగ్‌లో ఈ 3.7 చూపిస్తే ‘ఫర్వాలేదు, ముందుకెళ్దాం’ అంటారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఈఆర్‌పీలో కొనుగోలు లెక్క స్టోర్స్ గేటు దగ్గరే మొదలవుతుంది. వచ్చిన సరుకును అక్కడ ఎంట్రీ చేయకపోతే కొనుగోలు ఆర్డరు, సరుకు రసీదు, సప్లయర్ ఇన్వాయిస్ మూడూ సరిపోలవు, చెల్లింపు ఆగుతుంది. 4.2 వచ్చిన అకౌంట్స్ విభాగం 2.1 వచ్చిన స్టోర్స్ చేతిలో ఉందన్నమాట. అందుకే సగటు కాదు, పని గొలుసులో ముందు ఎవరున్నారో వాళ్ల మార్కు చూడాలి.

స్టోర్స్ 2.1ను ఐదు నమ్మకాలుగా విడదీస్తే అవసరం 3.4, సరైనదేనా 2.2, చేయగలమా 1.5, పైవాళ్ల మద్దతు 1.9, నాకేంటి 1.5. మార్పు అవసరమని వాళ్లు ఒప్పుకుంటున్నారు, కాబట్టి ‘ఎందుకు మారాలి’ అని మళ్లీ ప్రెజెంటేషన్లు ఇవ్వడం దండగ. తక్కువ మార్కులు ఎందుకొచ్చాయో గేటు దగ్గరికి వెళ్లి అడగాలి. అర్ధరాత్రి లారీ వస్తుంది. ఆర్డరు కిలోల్లో ఉంటుంది, సరుకు బస్తాల్లో దిగుతుంది. పాత పద్ధతిలో రిజిస్టర్లో రాసుకుని పొద్దున సర్దుకునేవారు. కొత్త స్క్రీన్ యూనిట్ కలవకపోతే ముందుకు కదలదు. ‘లారీని ఆపాలా, తప్పు అంకె కొట్టాలా? తప్పయితే ఎవరి మీదికొస్తుంది?’ అని స్టోర్‌కీపర్ అడుగుతాడు. ఇది బద్ధకం కాదు, కచ్చితమైన పని ప్రశ్న.

ఒక్కో నమ్మకానికి మందు వేరు. ‘చేయగలమా’ పెరగాలంటే వాళ్ల సొంత లారీల కాగితాలతోనే టెస్ట్ సిస్టమ్‌లో సాధన చేయించాలి, బస్తా-కిలో లెక్క ముందే సరిచేయాలి. ‘మద్దతు’ అంటే చైర్మన్ వీడియో సందేశం కాదు, ఆ రాత్రి తప్పు జరిగితే షిఫ్ట్ సూపర్‌వైజర్ పక్కన నిలబడతాడా అన్నది. ‘నాకేంటి’కి మాత్రం శిక్షణ పనికిరాదు. స్టోర్స్‌లో ఎన్ని ఉద్యోగాలు ఉంటాయి, మిగిలినవాళ్లను ఎక్కడికి పంపుతారు అన్నది యాజమాన్యం తేల్చి, చెప్పాలి. తేల్చలేదంటే సిద్ధంగా లేనిది స్టోర్స్ కాదు, యాజమాన్యమే.

సర్వే ఎప్పుడు చేశారన్నది కూడా ముఖ్యం. స్క్రీన్ చూడకముందు ‘చేయగలం’ అనడం తేలిక, ఆ మార్కు ఎక్కువగానే వస్తుంది. చిన్న స్థాయిలో ప్రయోగంగా పైలట్ నడిపాక అది కొంచెం పడితే కంగారు పడక్కర్లేదు, ఇప్పుడు తెలిసి మాట్లాడుతున్నారు. పైలట్ తర్వాత కూడా అన్ని విభాగాల్లో నాలుగున్నరలే వస్తే జవాబులు మేనేజర్ చేతికి వెళ్తాయని జనం భయపడుతున్నారేమో చూడాలి. పేర్లు లేకుండా, బయటివాళ్ల చేత అడిగిస్తే తేడా తెలిసిపోతుంది. కొత్త సిస్టమ్ అసలు పనిలోకి దిగే గో-లైవ్‌కు ముందు మరోసారి అడిగి, పైలట్ తర్వాతి మార్కుతో స్టోర్స్‌ను మళ్లీ పోల్చాలి. ‘చేయగలమా’, ‘నాకేంటి’ రెండూ కదలకపోతే తేదీ జరపడమే మేలు.

ఈ నమూనాకు కనిపించనివి కూడా ఉన్నాయి. సరుకుల జాబితాలో ఒకే బోల్టు మూడు కోడ్‌లతో ఉందా, సప్లయర్ బ్యాంకు వివరాలు పాతవా అన్నది ఏ నమ్మకాల సర్వే చెప్పదు. ఫాక్స్‌మేయర్ సిస్టమ్ రాత్రికి ఎన్ని ఆర్డర్లు మోయగలదో కూడా సర్వేలో తేలేది కాదు. దానికి సిస్టమ్ ఎంత భారం మోస్తుందో చూసే లోడ్ టెస్టు వేరుగా చేయాలి, సరుకులు, సప్లయర్ల వివరాలున్న మాస్టర్ డేటా వేరుగా సరిచూడాలి, ఆ రెండు ఫలితాలనూ స్టోర్స్ మార్కు పక్కనే పెట్టి గో-లైవ్ నిర్ణయం తీసుకోవాలి.