కెమెరా అద్దెకిస్తున్నారా? దెబ్బ బయటికి కనిపించదు

బెంగళూరు మారతహళ్లిలో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో నా కెమెరా, రెండు లెన్సులు పెళ్లి షూట్లకు అద్దెకిస్తుంటాను.

అపోహ: తిరిగొచ్చినప్పుడు గీతలు, సొట్టలు లేకపోతే సరిపోతుంది.

నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఆదివారం రాత్రి కెమెరా వచ్చింది. అద్దంలా మెరుస్తోంది. అటూ ఇటూ తిప్పి చూసి 10 వేల డిపాజిట్ వెనక్కిచ్చేశాను. ఆ తర్వాత అద్దెకి తీసుకెళ్లిన ఇంకొకతను మంగళవారం ఫోన్ చేశాడు: "అన్నా, ప్రతి ఫొటోలో ఒక ఊదా గీత నిలువునా వస్తోంది." అంతకుముందు, ఆదివారం తిరిగొచ్చిన షూట్ సంగీత్. డీజే లేజర్ లైటు నేరుగా లెన్సులోంచి పడితే సెన్సర్‌లోని పిక్సెల్స్ కాలిపోతాయి. బాడీ మీద ఆ జాడే ఉండదు. ఆ సంగీత్‌కి తీసుకెళ్లినతన్ని అడిగితే, "ముందే ఉందేమో" అన్నాడు. కాదని చూపించడానికి నా దగ్గర ఏముంది? సెన్సర్ మార్చడానికి సర్వీస్ సెంటర్ చెప్పిన ఖర్చు ఆ డిపాజిట్‌కి ఐదింతలు.

ఇప్పుడు ఇచ్చేముందు, తీసుకునేటప్పుడు రెండేసి ఫొటోలు తీస్తాను, ఎదుటివాడి ముందే. మొదటిది లెన్స్ క్యాప్ పెట్టి, ఐఎస్‌ఓ 3200, ఒక సెకను. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే కెమెరాయే మచ్చల్ని తుడిచేసి చూపిస్తుంది. రెండోది తెల్లగోడ, ఫోకస్ తప్పించి, ఎఫ్16లో. ఇది దుమ్ము కోసం. రెంటినీ వంద శాతం జూమ్ చేసి చూస్తాను. నల్ల ఫొటోలో అక్కడక్కడా చుక్కలు పాత కెమెరాకి మామూలే. ఇచ్చేటప్పుడు లేని గీత గానీ, చుక్కల గుంపు గానీ వచ్చేటప్పుడు కనిపిస్తే అది ఆ షూట్‌లో తగిలిన దెబ్బే. ఫైళ్లు అక్కడికక్కడే అతని వాట్సాప్‌కి డాక్యుమెంట్‌గా పంపుతాను. మామూలు ఫొటోగా పంపితే కుదించేస్తుంది, చిన్న చుక్కలు మాయమవుతాయి. అంతా పది నిమిషాల పని.

అపోహ: ఆధార్ జిరాక్స్, డిపాజిట్ ఉంటే భయం లేదు.

లక్షన్నర సామానుకి 10 వేల డిపాజిట్ పారిపోయేవాణ్ణి ఆపదు. జిరాక్స్ ఎవరిదైనా కావచ్చు, అందుకే ఆధార్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫొటో పోల్చుకుంటాను. దానికన్నా నాకు పనికొచ్చింది పెళ్లి శుభలేఖ. ఏ తేదీ, ఏ మండపం అని అడిగితే నిజంగా షూట్ ఉన్నవాడు వెంటనే చూపిస్తాడు. ఒప్పందంలో బాడీ, లెన్సుల సీరియల్ నంబర్లు, తిరిగివ్వాల్సిన గడువు, రిపేరు ఖర్చు ఎవరిది, రిపేరులో ఉన్న రోజుల అద్దె ఎన్ని రోజుల వరకు అన్నవి రాసి సంతకం చేయిస్తాను. నమ్మి ఇచ్చిన వస్తువుని అమ్ముకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నేరం. స్టేషన్‌కి వెళ్తే ఈ కాగితమే చేతిలో ఉండాలి.

అపోహ: మన తెలుగువాడే కదా, కాగితమెందుకు?

"అన్నా, మాదీ నెల్లూరే" అన్నవాళ్లకే నేను ఎక్కువసార్లు అద్దె వదులుకున్నాను. ఇప్పుడు ఊరువాళ్లకి వంద తగ్గిస్తాను, సంతకం మాత్రం చేయిస్తాను.