మలబద్ధకానికి ఇచ్చే పెగ్ పొడి: అపోహలు - వాస్తవాలు

దీర్ఘకాలిక మలబద్ధకంతో వచ్చేవారికి నేను ఎక్కువగా రాసే మందు పాలీఇథిలీన్ గ్లైకాల్ 3350 పొడి. చీటీ మీద దీనినే కొందరు వైద్యులు మాక్రోగాల్ అని రాస్తారు. రోగుల నోట పెగ్ పొడి అయింది. మందు పనిచేయలేదని తిరిగి వచ్చినవారిని ఎలా వాడారో వివరంగా అడిగితే, లోపం చాలాసార్లు మందులో కాక, వాడిన తీరులోనే బయటపడుతుంది.

అపోహ: రాత్రి తాగితే తెల్లవారేసరికి పనిచేయాలి, లేకపోతే అది మనకు పడని మందు.

ఈ అంచనా ఆముదం నుంచి, సునాముఖి ఆకు కలిసిన చూర్ణాల నుంచి, బిసాకొడిల్ మాత్రల నుంచి వచ్చింది. అవి పేగును ప్రేరేపించి ముడుచుకునేలా చేస్తాయి కనుక గంటల్లోనే ఫలితం చూపుతాయి. పెగ్ పనిచేసే దారి వేరు. పెద్దపేగు తన దగ్గరకు వచ్చిన మలం నుంచి నీటిని తిరిగి పీల్చుకుంటుంది. మలం అక్కడ ఎంత ఎక్కువసేపు నిలిచిపోతే అంత ఎండి గట్టిపడుతుంది. పెగ్ అణువు ఒక పొడవైన గొలుసు. ఆ గొలుసు పొడవునా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు నీటి అణువులను పట్టి ఉంచుతాయి. అణువు పెద్దది కావడంతో పేగు గోడను దాటి రక్తంలోకి దాదాపు చేరదు. అందువల్ల మనం తాగిన నీటిలో కొంత భాగాన్ని వదలకుండా మలంతో పాటు చివరి వరకూ తీసుకువెళుతుంది.

ఇంత ప్రయాణానికి సమయం కావాలి. మొదటి మెత్తని విరేచనం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో అవుతుంది, కొందరికి నాలుగో రోజు కూడా పట్టవచ్చు. రెండో రోజే మానేసినవారు మందును నిజంగా వాడి చూసినట్లు కాదు.

పెద్దలకు సాధారణ మోతాదు రోజుకు ఒకసారి 17 గ్రాములు. దానిని 120 నుంచి 240 మిల్లీలీటర్ల నీటిలోగాని, టీలోగాని, పళ్లరసంలోగాని పూర్తిగా కరిగే వరకూ కలిపి తాగాలి. ఏ పూట తాగినా ఫరవాలేదు, రోజూ ఒకే సమయానికి తాగితే మరచిపోకుండా ఉంటారు. పిల్లలకు మోతాదు బరువును బట్టి వైద్యులే నిర్ణయించాలి, పెద్దల సాచెట్‌ను అంచనాతో సగం చేసి ఇవ్వకూడదు. కొలనోస్కోపీకి ముందు రెండు లీటర్ల నీటిలో కలిపి తాగించే పెద్ద ప్యాకెట్‌లోనూ పెగ్ ఉంటుంది కాని, అది పేగును ఒక్కసారిగా కడిగివేయడానికి లవణాలు కలిపి తయారుచేసినది, రోజువారీ వాడకానికి కాదు.

అపోహ: నీళ్ల విరేచనాలు మొదలైతే మందు ఎక్కువైనట్లే, వెంటనే ఆపేయాలి.

కొన్నిసార్లు నిజమే, కొన్నిసార్లు పూర్తిగా తలకిందులు. నా దగ్గరకు వచ్చిన 62 ఏళ్ల ఒక అమ్మగారి విషయం చెబుతాను. నాలుగేళ్లుగా వారానికి రెండుసార్లకు మించి విరేచనం అయ్యేది కాదు. లాక్టులోజ్ సిరప్ వాడితే కడుపు ఉబ్బి, గ్యాస్ పట్టి మానేశారు. ఆ తరువాత ఇచ్చిన పెగ్ పొడి రెండు రోజులు తాగి, ఫలితం లేదని ఆపారు. మళ్లీ మొదలుపెట్టిన వారానికి కొద్దికొద్దిగా నీళ్లలా, అదుపు లేకుండా అవుతోందని భయపడి వచ్చారు. “డాక్టరుగారూ, ఈ పొడి నాకు విరేచనాలు పట్టించింది” అన్నారు. వేలితో పరీక్షిస్తే మలద్వారం లోపల గట్టి మలపు ముద్ద తగిలింది. అడ్డుగా ఉన్న ఆ ముద్ద పక్కల నుంచి పలుచని మలం జారుతోంది, అంతే. దీనిని గుర్తించే ఆనవాళ్లు ఏమిటంటే, విరేచనం కొద్దిగానే అవుతుంది, మాటిమాటికీ అవుతుంది, బట్టకు అంటుకుంటుంది, కడుపు మాత్రం తేలిక పడదు.

ఎనిమాతో ముందు ఆ ముద్దను తొలగించి, అదే 17 గ్రాముల మోతాదును మళ్లీ మొదలుపెట్టించాను. ఆమె రక్తహీనతకు వేసుకుంటున్న ఐరన్ మాత్రలు కూడా మలాన్ని గట్టిపరుస్తాయి కనుక వాటి అవసరాన్ని సరిచూశాను. మూడు రోజులు ఏమీ కాలేదు, నాలుగో రోజు మెత్తగా అయింది. రెండో వారంలో రోజుకు మూడుసార్లు పలుచగా అవుతోందని ఫోను చేశారు. ఈసారి కడుపు ఖాళీ అవుతోంది, ముద్ద లేదు, అంటే మోతాదే ఎక్కువ. సగానికి తగ్గించాము. ఆ తరువాత రోజుకొకసారి, ముక్కవలసిన అవసరం లేకుండా, ఆకారం నిలిచే మెత్తని మలం వచ్చే స్థితికి చేరారు. మన లక్ష్యం అదే, నీళ్ల విరేచనం కాదు. మార్పు చేసిన ప్రతిసారీ మూడు నాలుగు రోజులు ఆగి చూడాలి, రోజుకొక మోతాదు మారిస్తే ఏది దేని ఫలితమో తెలియదు.

అపోహ: నెలల తరబడి వాడితే పేగులు దానికి అలవాటు పడి, సొంతంగా పనిచేయడం మానేస్తాయి.

మందు ఆపగానే సమస్య తిరిగి వస్తుంది కనుక ఈ భయం కలగడం సహజమే. కాని తిరిగి వచ్చేది పాత మలబద్ధకమే. పెగ్ పేగు నరాలనో కండరాలనో తట్టి లేపదు కనుక వాటిని అలవాటు చేసేది ఏమీ లేదు. 304 మందితో ఆరు నెలల పాటు జరిపి 2007లో ప్రచురించిన పరిశోధనలో, పెగ్ తీసుకున్నవారిలో 52 శాతం మందికి, ఉత్తుత్తి పొడి తీసుకున్నవారిలో 11 శాతం మందికి చికిత్స ఫలించింది. డబ్బా మీద ఏడు రోజులకు మించి వాడవద్దని అమెరికాలో ముద్రించేది, వైద్యుణ్ణి అడగకుండా సొంతంగా కొనుక్కునేవారి కోసం. 2023లో అక్కడి రెండు జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక మలబద్ధకానికి పెగ్‌ను బలంగా సిఫారసు చేశాయి.

నేను లాక్టులోజ్ కన్నా దీనినే ముందు ఎంచుకోవడానికి కారణం ఆ అమ్మగారి అనుభవంలోనే ఉంది. లాక్టులోజ్‌ను పేగులోని బాక్టీరియా పులియబెడుతుంది, ఆ పులిసినదాని నుంచి గ్యాస్ పుడుతుంది. పెగ్‌ను అవి ముట్టుకోవు. కొందరికి పెగ్‌తోనూ కొద్దిగా ఉబ్బరం, వికారం ఉంటాయి కాని, మొత్తం మీద తక్కువ. మెగ్నీషియం ఉన్న విరేచన మందులు మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో ప్రమాదకరంగా పేరుకుపోగలవు. పెగ్‌తో ఆ బెడద లేదు. తేలికపాటి మలబద్ధకానికి ఇసబ్గోల్ మంచిదే కాని, తగినన్ని నీళ్లు తాగనివారికి, పేగు కదలిక బాగా మందగించినవారికి అది మరింత బరువు అవుతుంది.

అపోహ: గ్లైకాల్ అంటే ఇంజన్లలో పోసే విషం.

పేరులో ఉన్న పోలికే తప్ప శరీరంలో వీటి నడత ఒకటి కాదు. విషమయ్యే ఇథిలీన్ గ్లైకాల్ చాలా చిన్న అణువు. అది రక్తంలో కలిసి, కాలేయంలో మూత్రపిండాలను దెబ్బతీసే పదార్థాలుగా మారుతుంది. పెగ్ గొలుసు పేగులో విడిపోయి ఆ రూపం పొందదు, వచ్చిన దారినే మలంతో వెళ్లిపోతుంది.

ఈ పొడిని ఇవ్వకూడని సందర్భాలు మాత్రం ఉన్నాయి. కడుపు ఉబ్బి, వాంతులు అవుతూ, గ్యాస్ కూడా పోకపోతే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో ఏ విరేచన మందూ తాగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పెగ్ తగిలి దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది వచ్చినవారు మళ్లీ వాడకూడదు. పక్షవాతం వల్ల మింగడం కష్టమై, పిండి పదార్థంతో చిక్కబరచిన ద్రవాలు తాగేవారికి పెగ్‌ను అందులో కలపకూడదు. అది ద్రవాన్ని తిరిగి పలుచన చేసి, ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం తెస్తుంది. మలంలో రక్తం, కారణం లేని బరువు తగ్గుదల, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం ఉంటే పొడి కన్నా ముందు పరీక్షలు జరగాలి.

ఇక సరైన మోతాదులో కొన్ని వారాలు వాడి, మలం మెత్తగానే వస్తున్నా గంటసేపు ముక్కవలసి వస్తుంటే, లోపం మలంలో లేదు. ముక్కేటప్పుడు వదులు కావలసిన కండరాలు బిగుసుకుంటున్నాయేమో చూడాలి; మలద్వారపు ఒత్తిడిని కొలిచే పరీక్షతో అది తెలుస్తుంది, దానికి చికిత్స బయోఫీడ్‌బ్యాక్ అనే కండరాల శిక్షణ, పొడి మోతాదు పెంచడం కాదు.