జర్మన్ దస్తావేజుల్లో ధాతుజ విశేషణాలు: వరస మనదే, మెలిక వాళ్లది

జర్మనీలోని విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసుకునే తెలుగు విద్యార్థికి అక్కడి సూచనల పత్రంలో ఇలాంటి పదబంధం ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది: "డీ డేర్ ఉనివెర్జిటేట్ బిస్ ట్సుమ్ 15. యూలి ఫోర్‌ట్సులేగెండెన్ ట్సాయ్గ్‌నిస్సె". అప్పటికి ఏడాదిపాటు జర్మన్ చదివినవారు కూడా మొదటి రెండు మాటల దగ్గరే ఆగిపోతారు. "డీ", "డేర్" రెండూ నామవాచకానికి ముందు వచ్చే నిర్దేశకాలు. ఒకదాని వెంట ఒకటి ఎలా వచ్చాయన్నది వారి సందేహం. అందులో మొదటిదాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టి మిగిలిన మాటలను ఉన్న వరసలోనే తెలుగు చేస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. "డేర్ ఉనివెర్జిటేట్" అంటే విశ్వవిద్యాలయానికి, "బిస్ ట్సుమ్ 15. యూలి" అంటే జూలై 15లోగా, "ఫోర్‌ట్సులేగెండెన్" అంటే సమర్పించాల్సిన, "ట్సాయ్గ్‌నిస్సె" అంటే సర్టిఫికెట్లు. విశ్వవిద్యాలయానికి జూలై 15లోగా సమర్పించాల్సిన సర్టిఫికెట్లు. ఒక్క మాట కూడా వెనక్కీ ముందుకీ జరపనక్కర లేదు.

క్రియ నుంచి పుట్టి నామవాచకానికి ముందు నిలిచే మాటను మన వ్యాకరణం ధాతుజ విశేషణం అంటుంది. వచ్చే బస్సు, వచ్చిన బస్సు, రాని బస్సు అన్నీ అవే. క్రియకు సంబంధించిన కర్త, కర్మ, కాలం, స్థలం అన్నీ దానికి ముందే వచ్చి కూర్చుంటాయి. జర్మన్‌లో ఈ పని చేసేవి పార్టిట్సీప్ రూపాలు. మామూలు మాటల్లో జర్మన్లు నామవాచకాన్ని ముందు చెప్పి, దాని వివరాన్ని తర్వాత ఉపవాక్యంగా చేర్చుతారు. చట్టాలు, నోటీసులు, శాస్త్ర వ్యాసాలు, పత్రికల రాజకీయ వార్తలు వచ్చేసరికి ఆ వివరమంతా నిర్దేశకానికీ నామవాచకానికీ మధ్య ఇరుక్కుంటుంది. 16వ శతాబ్దం నుంచి కచేరీ రాతల్లో ఈ పద్ధతి బలపడింది. ఇప్పటికీ ఇది చేత్తో రాసే భాషే తప్ప నోటితో మాట్లాడే భాష కాదు.

చట్టానికి ఈ పద్ధతి ఎందుకు పనికొస్తుందో జర్మన్ పౌర స్మృతిలో చూడవచ్చు. అది 1900 జనవరి 1 నుంచి అమలులో ఉంది. కొనుగోలుదారు బాధ్యతలను చెప్పే 433వ సెక్షన్‌లో "డెన్ ఫెరైన్‌బార్టెన్ కౌఫ్‌ప్రైస్", అంటే ఒప్పుకున్న ధర, "డీ గెకౌఫ్టె జాఖె", అంటే కొన్న వస్తువు, అనే రెండు చిన్న బంధాలు ఉన్నాయి. ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కొన్నారో మళ్లీ చెప్పే పని లేకుండా ఒక్కో విశేషణం ఆ ధరకూ ఆ వస్తువుకూ గుర్తు వేసి వాక్యాన్ని ముందుకు నడిపిస్తుంది. 823వ సెక్షన్ ఇంకా ఆసక్తికరమైనది. ఉద్దేశపూర్వకంగా గానీ నిర్లక్ష్యం వల్ల గానీ మరొకరి ప్రాణానికి, శరీరానికి, ఆస్తికి అక్రమంగా హాని చేసినవారు "డెస్ డరౌస్ ఎంట్‌ష్టేఎండెన్ షాడెన్స్" పరిహారం చెల్లించాలని అది చెబుతుంది. ఆ నాలుగు మాటల అర్థం "దానివల్ల కలిగే నష్టం". ఇందులో బరువంతా "డరౌస్" అన్న మాట మీద ఉంది. బాధితుడికి జరిగిన నష్టమంతా కాదు, ఆ హాని వల్ల కలిగిన నష్టం మాత్రమే లెక్కలోకి వస్తుందన్న హద్దును అది గీస్తుంది. ఆ మాటను వేరే వాక్యంలో పెడితే అదొక అదనపు షరతులా వినిపించేది. విశేషణంలో ఇమిడిపోవడం వల్ల నష్టమన్న మాటకే అది నిర్వచనంలా అతుక్కుపోయింది.

ఇంతవరకు వింటే తెలుగువారికి ఇది కొట్టినపిండే అనిపిస్తుంది. వరస విషయంలో నిజంగానే అంతే. అసలు మెలిక మరోచోట ఉంది. "పిలిచిన చుట్టాలు" అంటే మనం పిలిచిన చుట్టాలా, మనల్ని పిలిచిన చుట్టాలా? తెలుగు రూపం ఈ తేడాను పట్టించుకోదు. చుట్టూ ఉన్న మాటలో, సందర్భమో అర్థాన్ని తేలుస్తాయి. జర్మన్‌లో ఆ వెసులుబాటు లేదు. పని చేసేవారికి ఒక రూపం, పనికి గురైనవారికి మరో రూపం. మనం పిలిచిన చుట్టాలు "ఐన్‌గెలాడెనెన్" అవుతారు. పిలుస్తున్నది వాళ్లే అయితే క్రియకు "ఎండ్" చేర్చి "ఐన్‌లాడెండెన్" అనాలి.

పరీక్ష హాలును ఊహించుకుంటే ఇది మరింత స్పష్టమవుతుంది. "డేర్ ప్రూఫెండె ప్రోఫెసొర్" అంటే పరీక్షించే ప్రొఫెసర్. "డేర్ ట్సు ప్రూఫెండె ష్టుడెంట్" అంటే పరీక్షించాల్సిన విద్యార్థి. విశేషణ రూపం రెండింటిలోనూ ఒకటే. ముందు "ట్సు" అన్న చిన్న మాట చేరగానే బల్లకు అటు కూర్చున్నవారు ఇటు వచ్చేశారు. మొదట చూసిన పదబంధంలోని "ఫోర్‌ట్సులేగెండెన్" కూడా ఈ కోవలోదే. "ఫోర్‌లేగెన్" అన్న క్రియ మధ్యలోకి "ట్సు" పూసలా దూరి, సమర్పించే అన్న అర్థాన్ని సమర్పించాల్సిన అన్న అర్థంగా మార్చింది. వేగంగా చదివేటప్పుడు పొడుగాటి మాట నడుమ ఉన్న ఆ ఒక్క అక్షరం మీద కన్ను నిలవకపోతే, ఎవరు ఏం చేయాలన్నదే తలకిందులవుతుంది.

"ట్సు" రూపానికి తెలుగులో ఎప్పుడూ "ఆల్సిన" సరిపోతుందనుకోవడమూ పొరపాటే. మనం చేయాల్సిన, చేయగల, చేయకూడని, చేయలేని అని విడివిడిగా చెప్పే అర్థాలన్నిటినీ జర్మన్ ఈ ఒక్క అచ్చులోనే పోస్తుంది. "నిష్ట్ ట్సు ఫెర్మైడెండె" ఆలస్యం అంటే తప్పించలేని ఆలస్యం. "నిష్ట్ ట్సు ఉంటర్‌షెట్సెండె" ప్రమాదం అంటే తక్కువగా అంచనా వేయకూడని ప్రమాదం. ఒకటి అశక్తత, మరొకటి హెచ్చరిక. క్రియ అర్థాన్ని బట్టి చదువరే తేల్చుకోవాలి. సర్టిఫికెట్ల విషయంలో గడువు తేదీ పక్కనే ఉంది కాబట్టి అది బాధ్యతేనని తెలుస్తుంది.

పూర్తయిన పనిని చెప్పే రెండో పార్టిట్సీప్ దగ్గర మనవాళ్లు మరో గోతిలో పడతారు. దాన్ని చూడగానే "ఇన" ప్రత్యయం పెట్టేస్తారు. "గెకౌఫ్టె" అంటే కొన్న, సరిపోయింది. మరి "డాస్ ఫోన్ ఆలెన్ గెలీప్టె కింట్" అంటే అందరూ ప్రేమించిన బిడ్డా? కాదు, అందరూ ప్రేమించే బిడ్డ. "ఇన" అంటే ఆ ప్రేమ ముగిసిపోయినట్లవుతుంది. కొనడానికి ముగింపు ఉంది. ప్రేమించడం, నడిపించడం, గౌరవించడం లాంటి వాటికి సహజమైన ముగింపు లేదు. అలాంటి క్రియల విషయంలో ఈ రూపం గతాన్ని కాక కర్మత్వాన్ని మాత్రమే చెబుతుంది.

కర్మ లేని క్రియలకు వచ్చేసరికి జర్మన్ మరీ పట్టుగా ఉంటుంది. "డేర్ గెస్టెర్న్ ఆన్‌గెకోమ్మెనె ట్సూక్", నిన్న వచ్చిన రైలు, చక్కని జర్మన్. నిద్రపోయిన మనిషి అని అదే పద్ధతిలో "గెష్లాఫెనె" అంటే ఎవరూ ఒప్పుకోరు. రావడం వల్ల రైలు ఒక కొత్త స్థితికి చేరింది, నిద్ర వల్ల మనిషి ఎక్కడికీ చేరలేదు అన్నది జర్మన్ భాష వేసుకున్న లెక్క. పరుగెత్తిన పిల్లవాడిలో ఈ లెక్క కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. ఊరికే "గెలౌఫెనె కింట్" అంటే తప్పు. "డాస్ ఇన్ డెన్ వాల్ట్ గెలౌఫెనె కింట్", అడవిలోకి పరుగెత్తిన పిల్లవాడు, అంటే ఒప్పు. క్రియ అదే, రూపం అదే. అడవి అనే గమ్యం తోడవడంతో పరుగుకు ఒక ఫలితం వచ్చింది, విశేషణానికి అర్హత వచ్చింది. పొడుగు పెరిగితే చదవడం కష్టమవుతుందని మనం అనుకుంటాం గానీ, ఇక్కడ ఆ పొడుగే పదబంధాన్ని నిలబెట్టింది.

నేను సహాయం చేసిన పిల్లవాడు, నేను ఉత్తరం రాసిన కలం, మేం పెరిగిన ఇల్లు అని మనం అనాయాసంగా అనేవాటిని జర్మన్ విశేషణంగా మార్చలేం. సహాయం అన్న క్రియకు అక్కడ పిల్లవాడు ద్వితీయలో రాడు, చతుర్థిలో వస్తాడు. కలం పనిముట్టు, ఇల్లు చోటు. వీటన్నిటికీ "డాస్ కింట్, డేమ్ ఇష్ గెహోల్ఫెన్ హాబె" అన్నట్లు ఉపవాక్యమే గతి. అనువాదకులకు ఈ హద్దు తెలియకపోతే తెలుగు వాక్యపు అచ్చులో జర్మన్‌ను పోసి, అక్కడ లేని మాటలను పుట్టిస్తారు.

ఇక మొదట పక్కన పెట్టిన "డీ" సంగతి. జర్మన్ పదబంధాన్ని తెరిచే తలుపు అదే. అది పడగానే చదువరి ఒక నామవాచకం కోసం ఎదురుచూడటం మొదలుపెడతాడు. దాని వెంటనే మరో నిర్దేశకం గానీ విభక్తి లాంటి చిన్న మాట గానీ వస్తే, మధ్యలో పెద్ద విశేషణం ఉందని గ్రహించాలి. "డీ" స్త్రీలింగ ఏకవచనం కావచ్చు, బహువచనం కావచ్చు. "ఫోర్‌ట్సులేగెండె" అని ముగిస్తే రాబోయేది స్త్రీలింగ ఏకవచనం, "ఫోర్‌ట్సులేగెండెన్" అని ముగిస్తే బహువచనం. అంటే రాబోయేది ఒకటా, ఒకటికన్నా ఎక్కువా అన్నది, సర్టిఫికెట్లు అన్న మాట వినకముందే తేలిపోతుంది.

ఈ తలుపులు ఒకదానిలో ఒకటి తెరుచుకున్నప్పుడే జర్మన్లకు కూడా ఊపిరాడదు. "డేర్ ఫోన్ డేమ్ డీ ఆన్‌ట్రేగె ప్రూఫెండెన్ బేఆమ్టెన్ ఉంటర్‌ష్రీబెనె బెషైట్" అన్నది వ్యాకరణం ప్రకారం తప్పులేని పదబంధం. తెలుగులో అది "దరఖాస్తులను పరిశీలించే అధికారి సంతకం చేసిన ఉత్తర్వు". మనకు ఇందులో ఏ ఇబ్బందీ కనిపించదు, ఏ పంచాయతీ కార్యాలయంలోనైనా అనగలిగే మాటే. జర్మన్‌లో మాత్రం డేర్, డేమ్, డీ అని మూడు తలుపులు వరసగా తెరుచుకున్నాయి. చివర తెరిచిన "డీ" ముందుగా ఆన్‌ట్రేగె దగ్గర మూసుకుంటుంది, ఆ తర్వాత "డేమ్" బేఆమ్టెన్ దగ్గర, అన్నిటికన్నా ముందు తెరిచిన "డేర్" అందరికన్నా చివర బెషైట్ దగ్గర. మన వాక్యంలోనూ విశేషణంలో విశేషణం ఉంది. కానీ ముందుగా తెరిచి పెట్టినదేదీ లేదు కాబట్టి చదివిన ముక్క చదివినట్లే ముగుస్తూ పోతుంది. బరువు విశేషణం పొడుగులో లేదు, గుర్తు పెట్టుకుని ఎదురుచూడాల్సిన నిర్దేశకాల సంఖ్యలో ఉంది.

అనుభవమున్న జర్మన్ సంపాదకుడి చేతికి ఈ వాక్యం వెళితే అతను పొడుగును కాక తలుపులను తగ్గిస్తాడు. దరఖాస్తులను పరిశీలించే అధికారికి కచేరీ భాషలో "జాఖ్‌బెఆర్బైటెర్" అనే ఒక్క మాట ఉంది. "డేర్ ఫోమ్ జాఖ్‌బెఆర్బైటెర్ ఉంటర్‌ష్రీబెనె బెషైట్" అని రాస్తే "డీ" మాయమవుతుంది, "డేమ్" ముందున్న "ఫోన్"తో కలిసి "ఫోమ్" అయిపోతుంది, విడిగా నిలిచేది ఒక్క "డేర్" మాత్రమే.