చక్రమూ సలహా ఒకేలా వినబడే చోటు

జర్మన్ భాషలో చక్రాన్ని ‘రాట్’ అంటారు. సలహాను కూడా ‘రాట్’ అనే అంటారు. రాతలో చక్రానికి చివర డకారం, సలహాకు టకారం ఉంటాయి గానీ నోట పలికేది రెండింటిలోనూ టకారమే. షష్ఠీ ప్రత్యయం చేరగానే గుట్టు బయటపడుతుంది: చక్రానిది ‘రాడెస్’, సలహాది ‘రాటెస్’.

అంటే అచ్చుకు ముందు ట, డలు మాటలను వేరు చేస్తున్నాయి. పదం చివర ఆ పని మానేస్తున్నాయి. ఇలా ఒకానొక స్థానంలో రెండు వర్ణాల భేదం చెరిగిపోవడమే తటస్థీకరణ. సంస్కృతం చదివినవారికి ఇది పాత చుట్టమే. మరుత్, సుహృత్ అని ఆగితే రెండింటి చివరా తకారమే వినబడుతుంది. ద్వితీయలో మాత్రం మరుతం, సుహృదం అవుతాయి.

మరి ‘రాట్’ చివర ఉన్నది ఏ వర్ణం? టకారం అనేస్తే పోలేదా? ప్రాగ్ వర్గపు భాషావేత్త నికొలాయ్ త్రుబెత్స్కోయ్ ఒప్పుకోడు. వర్ణానికి విలువ దాని ఎదుట నిలిచే వర్ణం వల్ల వస్తుంది. డకారం రానేరాని చోట ‘ఇది డ కాదు, ట’ అనడంలో అర్థం లేదు. అక్కడ మిగిలేది రెండింటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణాలే: నాలుక కొన చిగురును తాకి గాలిని ఆపుతుంది, ముక్కు దారి మూసి ఉంటుంది. డకారాన్ని టకారం నుంచి వేరుచేసే నాదం, అంటే స్వరతంత్రుల కంపనం, ఉందా లేదా అన్న గడి ఖాళీ. ఈ అసంపూర్ణ వర్ణమే ఆర్కిఫోనీమ్. దీన్ని /T/ అని పెద్ద అక్షరంతో రాస్తారు.

అందమైన పరిష్కారమే, కానీ ఒక చిక్కుంది. రెండు మాటలూ /raːT/ అయిపోతే, ‘రాడెస్’ ఏ మాటకు రావాలో మాట్లాడేవారికి ఎలా తెలుస్తుంది? అందుకే తర్వాతివారు చక్రం మూలరూపంలో డకారమే ఉందని, పదాంతంలో అది నాదం కోల్పోతుందని అన్నారు. సూత్రాన్ని తిప్పి, అచ్చుల మధ్య టకారం డకారమవుతుందంటే కుదరదు, ‘రాటెస్’ అడ్డొస్తుంది.

ఇంతకీ భేదం నిజంగా పూర్తిగా చెరిగిందా? 1985లో పోర్ట్, ఓడెల్ అనే పరిశోధకులు కొలిచి చూస్తే, చక్రం అన్నప్పుడు అచ్చు రవ్వంత సాగుతోందని తేలింది. రాత చూసి చదవడం వల్లే అలా సాగదీశారని కొందరు కొట్టిపారేశారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే 2014లో వెలువడిన ఒక పరిశోధనలో అక్షరాలు చూపకుండా, కల్పిత పదాల బహువచనం మాత్రం వినిపించి ఏకవచనం పలికించారు. తేడా అప్పటికీ పోలేదు. సగటున పది మిల్లీసెకన్లకు లోపు. మామూలు సంభాషణలో చెవికి సులువుగా ఆనని వ్యవధి అది.