వజ్రం కంటే ముందు దొరికే ఎర్ర రేణువు

అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గరా, తెలంగాణలోని నారాయణపేట దగ్గరా ఒకే రకం రాయి ఉంది. దాని పేరు కింబర్లైట్. రెండు చోట్లా అది సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లోంచి పైకి తన్నుకొచ్చింది. రెండింటి మధ్య దూరం దాదాపు 200 కిలోమీటర్లు. అయినా వజ్రకరూరు కింబర్లైట్లలో వజ్రాలున్నాయి, నారాయణపేట వైపు మాత్రం చెప్పుకోదగ్గవేవీ దొరకలేదు. వజ్రాల అన్వేషణలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కింబర్లైట్ దొరికినంత మాత్రాన వజ్రాలు దొరికినట్టు కాదు.

ఎందుకంటే వజ్రాన్ని తయారు చేసేది కింబర్లైట్ కాదు. అది దారిలో తగిలినవాటిని ఎక్కించుకుని వచ్చే బండి మాత్రమే. వజ్రాలు అంతకు చాలా ముందే, 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున, భూమి పైపొర కింద ఉండే మాంటిల్ రాళ్లలో ఏర్పడి ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణం పేరే ఈ రాయికి పెట్టారు. అక్కడి కింబర్లైట్ల వయసు సుమారు 9 కోట్ల ఏళ్లు. ఆ ప్రాంతపు వజ్రాల లోపల చిక్కుకుపోయిన గార్నెట్ అనే ఖనిజపు రేణువుల వయసు కడితే 300 కోట్ల ఏళ్లకు పైనే తేలింది. అంటే ఆ వజ్రాలు బండి వచ్చేదాకా అన్ని కోట్ల ఏళ్లూ లోపలే ఉన్నాయి.

అంతకాలం చెక్కుచెదరకుండా ఉండాలంటే ఒత్తిడి ఎక్కువగా ఉండాలి, ఆ లోతుకు తగినంత చల్లగానూ ఉండాలి. వేడి పెరిగితే కార్బన్ వజ్రంగా నిలవదు, గ్రాఫైట్ అవుతుంది. ఈ రెండూ కుదిరే చోటు ఖండాల్లోని అతి పాత భాగాల అడుగున ఉంటుంది. ఆ పాత భాగాలను క్రేటాన్లు అంటారు. వాటి రాతి పునాది 200 కిలోమీటర్ల దాకా దిగి, చుట్టుపక్కల మాంటిల్ కంటే చల్లగా ఉంటుంది. రాయలసీమ, తెలంగాణ కింద ఉన్న ధార్వార్ క్రేటాన్ అలాంటిదే. హిమాలయాల్లాంటి కొత్త పర్వతాల్లో కింబర్లైట్ కోసం ఎవరూ వెతకకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక ప్రయాణం. కింబర్లైట్ శిలాద్రవం వజ్రాలున్న పొర కంటే లోతున పుడుతుంది. అందులో కార్బన్ డయాక్సైడ్, నీరు బాగా కలిసి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఆ వాయువులు విడివడతాయి, అవే ద్రవాన్ని ఇంకా పైకి తోస్తాయి. గంటల్లోనో, మహా అయితే కొన్ని రోజుల్లోనో అది నేల మీదకు చేరుతుందని శాస్త్రవేత్తల అంచనా. ఇంత వేగం లేకపోతే వజ్రం దక్కదు. నెమ్మదిగా వస్తే ద్రవంలో కరిగిపోతుంది, లేదా గ్రాఫైట్‌గా మారిపోతుంది. మొరాకోలోని బెని బూసెరా దగ్గర వజ్రపు ఆకారం అచ్చంగా మిగిలిన గ్రాఫైట్ ముక్కలు కనిపిస్తాయి. ఆ మాంటిల్ రాయిని ఏ కింబర్లైటూ తేలేదు. భూమి పొరల కదలికలతో అది మెల్లగా పైకి వచ్చింది. రూపం మిగిలింది, వజ్రం మిగల్లేదు.

లోతున కింబర్లైట్ దారి ఒకటి రెండు మీటర్ల వెడల్పు పగులే. నేలకు దగ్గరయ్యాక వాయువులు పేలి రాయిని పిండి చేస్తాయి. అప్పుడు పైన వందల మీటర్ల వెడల్పుతో, కిందికి వెళ్లేకొద్దీ సన్నబడే గొట్టం ఏర్పడుతుంది. పైపు అనేది దీన్నే.

అలాంటి పైపును ఎలా పట్టుకోవాలి? వజ్రాల కోసమే వెతికితే లాభం లేదు. టన్ను రాయిలో ఒక క్యారెట్ ఉంటే అది మంచి గని కిందే లెక్క. క్యారెట్ అంటే గ్రాములో ఐదో వంతు. అందుకే అన్వేషకులు అదే బండిలో వచ్చిన, వేల రెట్లు ఎక్కువగా ఉండే ఇతర ఖనిజాలను వెతుకుతారు. ఊదా కలిసిన ఎరుపులో ఉండే పైరోప్ గార్నెట్, పచ్చటి క్రోమ్ డయాప్సైడ్, నల్లటి ఇల్మెనైట్ వాటిలో ముఖ్యమైనవి. ఇసుకను జల్లించి, బరువైన రేణువులను వేరు చేసి, మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా ఏరుతారు.

ఈ రేణువులు రెండు సంగతులు చెబుతాయి. మొదటిది దూరం. పైపులోంచి కొత్తగా బయటపడ్డ గార్నెట్ చుట్టూ ఒక పలచటి ముదురు రంగు పొర ఉంటుంది. కొంత దూరం దొర్లితే అది అరిగిపోతుంది. పొర ఇంకా ఉందంటే పైపు దగ్గరే ఉందని అర్థం. క్రోమ్ డయాప్సైడ్ ఇంకా పెళుసు, మన వాతావరణంలో అది త్వరగా శిథిలమైపోతుంది. కాబట్టి అనంతపురం వాగుల్లో అది కనిపించలేదని పైపే లేదనుకుంటే పొరపాటు. పైగా వజ్రకరూరు పైపుల పైభాగం చాలాచోట్ల సున్నపు గడ్డగా మారింది, అసలు రాయి దాని కింద దాక్కుంది.

రెండోది ఇంకా ముఖ్యం. కింబర్లైట్ దారిలో ఏ రాయిని తాకి వచ్చిందో గార్నెట్ చెబుతుంది. క్రోమియం ఎక్కువగా, కాల్షియం బాగా తక్కువగా ఉన్న గార్నెట్‌ను జీ10 అంటారు. వజ్రాల లోపల చిక్కుకుని దొరికే గార్నెట్లలో ఈ రకం ఎక్కువ. అంటే జీ10 పుట్టిన రాయీ, వజ్రాలు పెరిగిన రాయీ తరచూ ఒకటే. దక్షిణాఫ్రికాకు చెందిన జాన్ గర్నీ ఈ సంబంధాన్ని అన్వేషకులు వాడుకోగల పద్ధతిగా మలిచాడు. ఒక్క వజ్రం కూడా చూడకుండానే, ఒక పైపు మీద డబ్బు పెట్టాలా వద్దా అని రేణువుల రసాయన విశ్లేషణతో నిర్ణయించే వీలు దొరికింది. నా దృష్టిలో వజ్రాల అన్వేషణలో దీన్ని మించిన మలుపు లేదు. అయితే ఇది హామీ కాదు. జీ10 ఉన్నా, బండి నెమ్మదిగా వచ్చి ఉంటే వజ్రాలు దారిలోనే కరిగిపోయి ఉండొచ్చు.

కెనడాలో చక్ ఫిప్కే, స్టూవర్ట్ బ్లూసన్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పద్ధతితోనే గెలిచారు. 1980ల మొదట్లో వాళ్లకు మెకెంజీ నది వైపు ఇలా పైపు జాడ చెప్పే సూచక ఖనిజాలు దొరికాయి. అక్కడ వాటిని మోసింది నదులు కాదు, మంచుయుగపు హిమానీనదాలు. ఆ ప్రాంతంలో మంచు తూర్పు నుంచి పడమటికి కదిలింది. కాబట్టి మూలం తూర్పున ఉండాలి. ఏళ్ల తరబడి నమూనాలు తీసుకుంటూ వందల కిలోమీటర్లు తూర్పుకు జరిగారు. మంచు కింద పారిన ఏరులు వదిలిన ఇసుక గట్లు వాళ్లకు బాగా పనికొచ్చాయి. లాక్ డి గ్రా అనే సరస్సు ప్రాంతానికి వచ్చేసరికి రేణువులు బాగా పెరిగాయి. దాన్ని దాటి ఇంకా తూర్పుకు వెళ్తే ఆగిపోయాయి. జాడ ఆగిందంటే మూలం వెనకే ఉండిపోయిందన్నమాట.

కానీ నేల మీద పైపు ఎక్కడా కనబడదు. చుట్టూ ఉన్న గ్రానైట్ కంటే కింబర్లైట్ మెత్తన. హిమానీనదం దాన్ని తవ్వుకుపోతే ఏర్పడిన గుంటల్లో నీళ్లు నిండి చిన్న సరస్సులయ్యాయి. పైపులు ఆ సరస్సుల అడుగున ఉన్నాయి. ఇలాంటి చోట విమానం నుంచి చేసే అయస్కాంత సర్వే ఉపయోగపడుతుంది. కింబర్లైట్‌లో మాగ్నెటైట్ ఉంటుంది కాబట్టి పైపు ఉన్న చోట అయస్కాంత క్షేత్రం గుండ్రటి మచ్చలా తేడాగా కనిపిస్తుంది. ప్రతి మచ్చా కింబర్లైట్ కాదు, డ్రిల్లింగ్ చేస్తేనే తేలుతుంది.

1991లో పాయింట్ లేక్ అనే సరస్సు కింద డ్రిల్లింగ్ చేశారు. బయటికి తీసిన 59 కిలోల రాయిలో 81 చిన్న వజ్రాలు దొరికాయి, అన్నీ 2 మిల్లీమీటర్ల లోపువే. వార్త బయటికి రాగానే ఆ ప్రాంతమంతా తవ్వకం హక్కుల క్లెయిముల కోసం కంపెనీలు ఎగబడ్డాయి. కానీ అంత చిన్న నమూనా గని విలువను చెప్పలేదు. అందుకు ఒక్కో పైపు నుంచి టన్నుల కొద్దీ రాయి తవ్వి, ఎన్ని క్యారెట్లు, ఏ నాణ్యతవి వస్తాయో లెక్క కట్టాలి. ఆ లెక్కల తర్వాత 1998లో ఎకాటి గని తెరిచారు. మొదట తవ్వింది పాయింట్ లేక్ పైపును కాదు, అదే ప్రాంతంలో తర్వాత బయటపడ్డ పాండా అనే పైపును.