544 ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక పీజీ విద్యార్థిని థీసిస్ సినాప్సిస్ పట్టుకొని మా గదికి వచ్చింది. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎంతమందికి రక్తహీనత ఉందో తేల్చడం ఆమె అంశం. శాంపిల్ సైజ్ దగ్గర, అంటే ఎంతమందిని పరీక్షించాలన్న చోట, 544 అని ఉంది. క్యాలిక్యులేటర్ తీయకుండానే "ఇది తప్పమ్మా" అన్నాను. చూడకుండా ఎలా చెప్పారన్నట్టు చూసింది. ఎలా చెప్పానో తర్వాత రాస్తాను. ముందు ఆ 544 ఎక్కడి నుంచి ఊడిపడిందో చూద్దాం.

మెడికల్ కాలేజీల్లో దాదాపు అందరూ వాడే ఫార్ములా ఇది:

```
n = 4pq / d²
```

p అంటే ఆ సమస్య ఇప్పటికే ఎంతమందిలో ఉందని పాత సర్వేలు చెబుతున్న అంకె. q అంటే అది లేనివాళ్లు. d అంటే మన జవాబు అసలు విలువకు అటూ ఇటూ ఎంత దూరంలో ఉన్నా పర్వాలేదనుకుంటున్నామో ఆ హద్దు. 4 అనేది 95 శాతం నమ్మకానికి వాడే 1.96ను వర్గం చేసి (3.84) రౌండ్ చేసిన సంఖ్య. కొందరు 3.84నే వాడతారు. దానికోసం నేను ఎవరితోనూ గొడవపడను.

ఆమె p విలువను జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) నుంచి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు మహిళల్లో రక్తహీనత 58.8 శాతం. d 5 శాతం అనుకుంది. రెండూ సబబే. అయితే q అంటే 100 – 58.8, అంటే 41.2 కావాలి.

```
4 × 58.8 × 41.2 / (5 × 5) = 387.6
```

మనుషుల్ని ముక్కలు చేయలేం కాబట్టి ఎప్పుడూ పైకే రౌండ్ చేస్తాం. అంటే 388. ఆమె పుస్తకంలో మాత్రం q పక్కన "1 – p" అని ఉంది. దాంట్లో 58.8 పెడితే –57.8 వస్తుంది. మొత్తం లెక్క –543.8కి చేరింది. మైనస్ ఏమైంది అని అడిగితే, "శాంపిల్ సైజ్ మైనస్‌లో ఉండదు కదా సార్, అందుకే తీసేశాను" అంది.

ఈ ఒక్కమాటతో నాకు కోపం రాలేదు గానీ కాసేపు మాట రాలేదు. ఫార్ములా గొంతు చించుకుని "నేను తప్పు" అని అరిచింది. ఆ అరుపును రబ్బరుతో తుడిచేశాక మిగిలిన 544 చూడ్డానికి చాలా మర్యాదగా ఉంది. థీసిస్‌లో కనిపించే సైజే. గైడ్ సంతకం కూడా పడింది.

ఆ పుస్తకంలో 1 – p అని ఉండటం తప్పు కాదు. p ని 0.588 అని రాస్తే 1 – p సరైనదే. 58.8 అని రాస్తే 100 – p సరైనది. రెండు భాషలూ మంచివే, ఒకే వాక్యంలో కలపకూడదంతే. 0.588, 0.412, 0.05 పెట్టి చేసినా అదే 387.6 వస్తుంది. ఎందుకొస్తుందంటే పైన pలో, qలో ఒక్కో శాతం ఉంది, కింద dలో వర్గం వల్ల రెండు శాతాలున్నాయి. పైన రెండు, కింద రెండు కొట్టేసుకుపోయి చివరికి మనుషుల లెక్క మిగులుతుంది. గది నేలను చదరపు అడుగుల్లో కొలిచి, టైల్‌ను చదరపు అంగుళాల్లో కొలిచి భాగిస్తే ఎన్ని టైల్స్ కొనాలో తెలియదు కదా, ఇదీ అంతే. అక్కడ 144 రెట్లు తేడా వస్తుంది. ఇక్కడ వంద రెట్లో, పదివేల రెట్లో వస్తుంది.

p, q శాతాల్లో ఉంచి dని మాత్రం 0.05 అని పెడితే 38,76,096 వస్తుంది. p, q భిన్నాల్లో పెట్టి dని 5 అంటే 0.03876. పైకి రౌండ్ చేస్తే ఒక్క మనిషి! p ఒక్కటే శాతంలో ఉండి q భిన్నమైతే, d 5 అయినప్పుడు 3.876, d 0.05 అయినప్పుడు 38,761. ఈ జవాబులన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నింట్లోనూ 3, 8, 7, 6 అంకెలే. చుక్క మాత్రమే కప్పలా గెంతుతోంది. శాతం, భిన్నం కలిసిపోయాయన్నదానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. మీ జవాబు లక్షల్లోనో, సున్నా దగ్గరో వస్తే అంకెలు అలాగే ఉంచి చుక్కను జరిపి చూడండి. నమ్మదగ్గ సంఖ్య కనబడితే తప్పు ఎక్కడుందో దొరికినట్టే.

38 లక్షలు వస్తే ఎవరైనా ఆగి చూస్తారు. చిక్కల్లా q తప్పడం వల్ల వచ్చే సంఖ్యలతోనే. అక్కడ అంకెలే మారిపోతాయి. 544 అలాంటిదే.

ఎక్సెల్‌లో ఇది ఇంకా తెలివిగా దాక్కుంటుంది. గడిలో 58.8% అని టైప్ చేస్తే తెరమీద 58.8% అనే కనబడుతుంది గానీ లోపల ఉండేది 0.588. పక్క గడిలో 5% అన్నది లోపల 0.05. శాతాలే ఉన్నాయి కదా అని q కోసం 100 నుంచి తీసేస్తే 99.412 అవుతుంది, జవాబు 93,527కి పోతుంది. గడిలో % గుర్తు ఉంటే 1 నుంచి తీసేయాలి, లేకపోతే 100 నుంచి. ఓపెన్‌ఎపి లాంటి వెబ్ క్యాలిక్యులేటర్‌లో ఇది తలకిందులుగా ఉంటుంది. అక్కడ పెట్టె శాతాన్నే అడుగుతుంది. భిన్నం నేర్చుకున్న పిల్లలు 0.588 అని కొడతారు. అది దాన్ని సగం శాతం కంటే కాస్త ఎక్కువ ఉన్న జబ్బు అనుకుని, d 5 ఉంటే, తొమ్మిది మంది చాలంటుంది.

ఇప్పుడు నా మొదటి మాటకు వస్తాను. 544 తప్పని చూడగానే ఎలా తెలిసిందంటే, p, q కలిపితే ఎప్పుడూ 100. అలాంటి రెండు సంఖ్యల గుణకారం రెండూ 50 అయినప్పుడే అన్నింటికన్నా పెద్దది, అంటే 2500. దాన్ని నాలుగుతో గుణించి 25తో భాగిస్తే 400. కాబట్టి d 5 పాయింట్లు అయితే p ఏదైనా సరే జవాబు 400 దాటదు. 1.96 వాడితే 385 దాటదు. ఒక్కొక్కరిని కాకుండా ఊళ్లను, వీధులను గుంపులుగా ఎంచుకునే క్లస్టర్ శాంప్లింగ్ చేస్తే, దానివల్ల తగ్గే కచ్చితత్వాన్ని సరిచేయడానికి డిజైన్ ఎఫెక్ట్ అనే సంఖ్యతో గుణిస్తారు, అప్పుడు దాటొచ్చు. ఈమెది మామూలు ర్యాండమ్ శాంపిల్. ఇక 544కు చోటెక్కడిది?

ఈ పరీక్ష అన్నిటినీ పట్టుకోదు. 95 శాతం నమ్మకం అన్నారు కదా అని 1.96 ఉండాల్సిన చోట 0.95 పెట్టేవాళ్లున్నారు. అప్పుడు 88 వస్తుంది. 400 లోపే, చూడముచ్చటగా ఉంటుంది. సర్వే చిన్నదైపోయినందుకు విద్యార్థి కూడా సంతోషిస్తాడు.

పైన నేను "5 పాయింట్లు" అన్నాను, "5 శాతం" అనలేదు. అసలు గందరగోళం అక్కడే ఉంది. యూనిట్లు కలిపేసే తప్పు కంటే ఇదే ఎక్కువ థీసిస్‌లను పాడు చేస్తుందని నా అనుమానం. సినాప్సిస్‌లో "అనుమతించదగిన తప్పు 10%" అని రాస్తారు. దేంట్లో 10 శాతం? మొత్తం వందలో పదా, లేక 58.8లో పదో వంతా? మొదటిది అయితే d 10, శాంపిల్ 97. మన జవాబు 48.8 నుంచి 68.8 వరకు ఎక్కడైనా ఉండొచ్చని ఒప్పుకున్నట్టు. రెండోది అయితే d 5.88, శాంపిల్ 281. హద్దులు దాదాపు 53 నుంచి 65. మొదటిదాన్ని అబ్సల్యూట్ ప్రెసిషన్ అంటారు, రెండోదాన్ని రిలేటివ్ ప్రెసిషన్. పేర్లు అందరికీ నోటికొచ్చు. సినాప్సిస్‌లో మాత్రం ఆ ఒక్క పదం ఉండదు. సీనియర్ థీసిస్‌లోంచి 10 శాతం దిగుతుంది, ఫార్ములా ఇంకొకరి దాంట్లోంచి దిగుతుంది.

p సగం చుట్టుపక్కల ఉన్నంతకాలం దీనివల్ల కొంపలంటుకోవు. అరుదైన జబ్బు దగ్గర అంటుకుంటాయి. నూటికి ఇద్దరికి ఉండే సమస్య తీసుకోండి. అలవాటు ప్రకారం d 5 పెడితే 4 × 2 × 98 / 25, అంటే 31.4. 32 మంది చాలు! ఫార్ములాలో లెక్క తప్పలేదు, యూనిట్లు తప్పలేదు. కానీ 2కి అటూ ఇటూ 5 అంటే మైనస్ 3 నుంచి 7 వరకు. మైనస్ 3 శాతం మందికి జబ్బు అంటే ఏమిటి? పైగా 32 మందిని చూస్తే ఒక్కరికి కూడా ఆ జబ్బు కనిపించకపోయే అవకాశం సగానికి పైనే. ఆర్నెల్లు తిరిగి "ఎవరికీ లేదు" అని రాసుకోవాలి. అదే 5 శాతాన్ని రిలేటివ్ అనుకుంటే d 0.1 అవుతుంది, శాంపిల్ 78,400. ఒక పీజీ విద్యార్థి జన్మలో చేయలేడు. ఇక్కడ 5 అనే అలవాటును పక్కనపెట్టి, మనకు ఎంత స్పష్టత నిజంగా కావాలో అడగాలి. ఒకటికి మూడుకి మధ్య తెలిస్తే చాలనుకుంటే d 1, శాంపిల్ 784. వాళ్లలో పదహారు మంది దాకా కేసులు దొరుకుతాయి. d ఎంత పెట్టినా సరే p కంటే చిన్నదిగా ఉండాలన్నది కనీసపు షరతు.

మా విద్యార్థిని 5 పాయింట్లకే, 388కే ఒప్పుకుంది. చివర్లో ఇంకో వరుస ఉంది: స్పందించనివాళ్లు 10 శాతం. "388కి పది శాతం 38.8, కలిపితే 427 సార్" అంది. ఇది అందరూ చేసేదే, పాస్ అయిపోయేదే. కానీ మళ్లీ అదే ప్రశ్న, దేంట్లో 10 శాతం? రక్తం ఇవ్వనివాళ్లు మనం అడగబోయేవాళ్లలో పదో వంతు. మిగిలినవాళ్లలో పదో వంతు కాదు. 427 మందిని అడిగితే పదో వంతు తప్పుకున్నాక 384 మందే చేతిలో ఉంటారు. నలుగురు తక్కువ. 388ని 0.9తో భాగించాలి, 431.1, అంటే 432. తేడా అయిదుగురే, పది శాతం దగ్గర. ఊళ్లో 30 శాతం మంది పొలాల్లో ఉండి దొరకరనుకుంటే గుణకారం 505 అంటుంది, భాగహారం 555 అంటుంది. అప్పుడు తేడా యాభై మంది.

ఆమె పెన్ను తీసి 544 కొట్టేసి 432 రాసింది. d ఎదురుగా ఉన్న 5%ను కొట్టేసి "5 పర్సెంటేజ్ పాయింట్లు, అబ్సల్యూట్" అని రాసింది. గైడ్ దగ్గర మళ్లీ సంతకం తీసుకోవాలని గుర్తొచ్చినట్టుంది, కాగితం వైపు చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది.